నాలుగు రాస్తే పాస్, పదకొండు రాసినా ఫెయిల్

ఇంటర్ మొదటి సంవత్సరం మ్యాథ్స్ 1ఎ పేపర్ రాసిన ఇద్దరు పిల్లల్ని ఊహించుకుందాం. ఒకడు ఇరవై ప్రశ్నల్లో నాలుగే సరిగ్గా రాశాడు, పాసయ్యాడు. ఇంకొకడు అదే పేపర్లో పదకొండు సరిగ్గా రాశాడు, ఫెయిలయ్యాడు. దిద్దినవాళ్లు పొరపాటు పడలేదు, రీకౌంటింగ్‌కి డబ్బు కట్టినా ఫలితం మారదు. మొదటివాడు రాసిన నాలుగూ ఏడేసి మార్కులవి, మొత్తం 28. రెండోవాడు రాసినవి రెండు మార్కుల ప్రశ్నలు పదీ, నాలుగు మార్కులది ఒకటీ, మొత్తం 24. పాస్ మార్కు 26.

ప్రశ్నలన్నీ ఒకే విలువైతే ఈ గొడవే లేదు. ఎప్‌సెట్‌లో ప్రశ్నకు ఒక మార్కు కాబట్టి ఎన్ని మార్కులు కావాలంటే అన్ని సరైన జవాబులు, అంతే. బోర్డు పరీక్షల్లో అలా కాదు. అయినా పిల్లలూ, వాళ్లకంటే ఎక్కువగా తల్లిదండ్రులూ "డెబ్బై అయిదు శాతం రావాలంటే ఇరవైలో పదిహేను రాస్తే సరిపోతుందిగా" అనేస్తుంటారు. సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. ఎప్పుడు సరిపోతుందో కనుక్కోవడానికి కూడికలూ తీసివేతలూ వస్తే చాలు.

ఉదాహరణకు తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి నడిచిన 75 మార్కుల మ్యాథ్స్ 1ఎ పేపర్నే తీసుకుందాం. అందులో మూడు సెక్షన్లు. సెక్షన్ ఎ లో రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాల్సిందే. సెక్షన్ బి లో నాలుగు మార్కులవి ఏడు ఇస్తారు, అయిదు రాయాలి. సెక్షన్ సి లో ఏడు మార్కులవి ఏడు ఇస్తారు, అయిదు రాయాలి. మొత్తం 20, 20, 35 కలిపి 75. (ఆంధ్రప్రదేశ్‌లో ఈ మధ్య 1ఎ, 1బి కలిపేసి నూరు మార్కుల ఒకే పేపరు చేశారు. అంకెలు మారాయి గానీ లెక్క చేసే పద్ధతి మారదు.)

మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. పేపర్లో అచ్చయినవి ఇరవై నాలుగు ప్రశ్నలు. వాటి మార్కులన్నీ కూడితే 20, 28, 49 కలిపి 97 వస్తుంది. ఛాయిస్ సంగతి మరిచిపోయి ఆ 97 మీద శాతం కడితే లెక్క మొదటి మెట్టులోనే పోతుంది. శాతం ఎప్పుడూ పేపరు మీద "గరిష్ఠ మార్కులు" అని వేసిన అంకె మీదే కట్టాలి. ప్రశ్నలు లెక్కపెట్టేటప్పుడు కూడా రాయాల్సిన ఇరవైనే లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు శాతాన్ని మార్కుల్లోకి మారుద్దాం. 75లో 75 శాతం అంటే 56.25. పావు మార్కు ఎవరూ వేయరు, 56 వస్తే శాతం 74.66 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి పైకి, అంటే 57కి జరపాలి. కావలసిన శాతాన్ని మార్కుల్లోకి మార్చేటప్పుడు దశాంశం ఎంత చిన్నదైనా పై అంకెకే వెళ్లాలి. బళ్లో నేర్పే "అయిదు కంటే తక్కువైతే వదిలెయ్" సూత్రం ఇక్కడ దెబ్బ తీస్తుంది. దీనికి ఒకటే మినహాయింపు: పరీక్ష పెట్టేవాళ్లే అంకె ప్రకటిస్తే అదే ప్రమాణం. 75లో 35 శాతం 26.25, మన సూత్రం ప్రకారం 27 కావాలి. కానీ ఇంటర్ బోర్డు 26నే పాస్ మార్కుగా పెట్టింది. పిల్లల పక్షాన పావు మార్కు వదిలేసిందన్నమాట. ఇలాంటి దయ అన్నిచోట్లా ఉంటుందని అనుకోకూడదు.

సరే, 57 మార్కులు కావాలి. ఎన్ని ప్రశ్నలు? దీనికి ఒక్క అంకెతో జవాబు లేదు, రెండు అంకెలు చెప్పాలి. ఒకటి, అదృష్టమంతా మన వైపే ఉంటే కనీసం ఎన్ని సరిపోతాయి అన్నది. రెండోది, ఏవి సరైనా ఏవి తప్పైనా సరే, ఎన్ని రాస్తే ఢోకా ఉండదు అన్నది. అసలు జవాబు ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది.

వచ్చే మార్కుల నుంచి కాకుండా పోయే మార్కుల నుంచి మొదలుపెడితే ఇది తేలిగ్గా తేలుతుంది. 75లో 57 కావాలంటే 18 పోగొట్టుకోవచ్చు. చేతిలో పద్దెనిమిది రూపాయలు ఉన్నాయనుకోండి. రెండు రూపాయల వస్తువులైతే తొమ్మిది కొనొచ్చు. అంటే రెండు మార్కుల ప్రశ్నలు తొమ్మిది వదిలేసినా మిగతావన్నీ సరైతే 57 వస్తుంది. రాసినవి పదకొండే: పెద్దవి అయిదు (35), నాలుగు మార్కులవి అయిదు (20), రెండు మార్కులది ఒకటి. కనీస సంఖ్య 11. పది ప్రశ్నలతో ఎంత తిప్పలు పడినా 55 దాటదు.

ఇప్పుడు రెండో కొస. ఆ పద్దెనిమిదిని ఖరీదైన వాటి మీద పెడితే? ఏడు మార్కులవి రెండు పోతే 14, మిగిలింది నాలుగే. మూడో ఏడు కూడా పోతే నష్టం 21కి చేరి, చేతికి వచ్చేది 54. అంటే పదిహేడు ప్రశ్నలు సరిగ్గా రాసి కూడా 57 అందుకోకపోవచ్చు. తప్పులు రెండుకి మించకపోతేనే భయం లేదు. అంటే ఢోకా లేని సంఖ్య 18.

కాబట్టి ఈ పేపర్లో 75 శాతం అన్నది "పదకొండు నుంచి పద్దెనిమిది వరకు ఎన్ని ప్రశ్నలైనా" అవుతుంది. ఆ పదిహేను అన్న అంకె ఇందులోనే ఉంది కానీ పూచీ ఏమీ ఇవ్వదు. పెద్దవి అయిదూ వదిలేసి మిగతా పదిహేనూ తప్పు లేకుండా రాస్తే వచ్చేది 40 మార్కులు, 53 శాతం పైచిలుకు. అదే పదిహేను, పెద్దవన్నీ నాలుగు మార్కులవన్నీ కలుపుకుని రాస్తే 65 వస్తుంది.

పాస్ మార్కుకూ ఇదే లెక్క. పెద్దవి మూడు రాస్తే 21, దానికి నాలుగు మార్కులది చేర్చినా 25 దగ్గర ఆగిపోతుంది. నాలుగూ పెద్దవే అయితే 28. కనుక కనీసం 4. ఢోకా లేని సంఖ్య కోసం చిన్నవి ముందు పేర్చాలి: రెండు మార్కులవి పదికి 20, నాలుగు మార్కులది ఒకటి కలిస్తే 24, ఇంకొకటి కలిస్తే 28. అంటే 12. మొదట చెప్పిన ఇద్దరు పిల్లల్లో ఒకడు కనీస సంఖ్య మీద నిలబడ్డాడు, ఇంకొకడు ఢోకా లేని సంఖ్యకు ఒక్క ప్రశ్న కింద ఆగిపోయాడు.

ప్రశ్నల రకాలు పెరిగేకొద్దీ ఈ రెండు కొసలూ ఇంకా దూరం జరుగుతాయి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి నూరు మార్కుల లెక్కల పేపరు నమూనా చూడండి. ఒక మార్కువి పన్నెండు, రెండు మార్కులవి ఎనిమిది, నాలుగు మార్కులవి ఎనిమిది, ఎనిమిది మార్కులవి అయిదు, మొత్తం 33 ప్రశ్నలు. పాస్ మార్కు 35 రావడానికి పెద్దవి అయిదు చాలు. కానీ కింది నుంచి రాసుకుంటూ వస్తే మొదటి ఇరవై ప్రశ్నలకూ కలిపి 28 మార్కులే, ఇరవై ఒకటి రాసినా 32, ఇరవై రెండోది రాస్తేగానీ గట్టెక్కరు. అయిదు ఎక్కడ, ఇరవై రెండు ఎక్కడ!

మళ్లీ ఇంటర్ పేపరుకి వద్దాం. కొసలు తెలిశాక అసలు ప్రణాళిక మధ్యలో వేయాలి. రెండు మార్కులవి a, నాలుగు మార్కులవి b, ఏడు మార్కులవి c సరైతే కావలసిన షరతు ఇది:

2a + 4b + 7c ≥ 57

a పది దాటదు, b, c అయిదు దాటవు. మూడు తెలియని రాశులున్నాయి కదా అని బెదరక్కర్లేదు, ముందు పెద్ద ప్రశ్నల సంఖ్యను పట్టుకుంటే మిగతాది దానంతటదే చిన్నదవుతుంది. పెద్దవి అయిదూ వస్తే 35, చిన్నవాటి నుంచి 22 కావాలి. చిన్నవాటి మొత్తం 40 కాబట్టి సగం పైన వస్తే చాలు, ఊపిరి సలుపుతుంది. పెద్దవి నాలుగు వస్తే 28, చిన్నవాటి నుంచి 29 కావాలి. రెండూ నాలుగూ సరి సంఖ్యలు, వాటితో 29 ఎన్నటికీ రాదు, కాబట్టి 30 తెచ్చుకోవాలి. పెద్దవి మూడైతే 21, చిన్నవాటి నుంచి 36 కావాలి. అంటే రెండు మార్కులవి రెండో, నాలుగు మార్కులది ఒకటో పోవచ్చు, అంతకు మించి పోకూడదు. పెద్దవి రెండే వస్తే 14, చిన్నవాటి నుంచి 43 కావాలి. ఉన్నదే 40.

ఈ లెక్కలో నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా కనిపించేది చివరి వాక్యమే. డెబ్బై అయిదు శాతం కావాలనుకునేవాడు మూడు పెద్ద ప్రశ్నల నుంచి తప్పించుకోలేడు. చిన్నవన్నీ కంఠస్థం చేసినా సరే. మరోవైపు, పాసైతే చాలనుకునేవాడు పెద్ద ప్రశ్నల జోలికే పోనక్కర్లేదు: నాలుగు మార్కులవి అయిదు, రెండు మార్కులవి మూడు రాస్తే సరిగ్గా 26. ఎవరు ఏ సెక్షన్ మీద కూర్చోవాలో ఇది చెప్పేస్తుంది.

ఇక్కడిదాకా ప్రశ్నల లెక్క. పిల్లలు చదివేది మాత్రం చాప్టర్ల లెక్కన. పాత 1ఎ పేపర్లు నాలుగు ముందేసుకుంటే ఒక వరస కనిపిస్తుంది. పెద్ద ప్రశ్నల్లో ప్రమేయాల నుంచి ఒకటి, గణితానుగమనం నుంచి ఒకటి, మాత్రికల నుంచి రెండు, సదిశల లబ్ధం నుంచి ఒకటి, త్రికోణమితిలో పరివర్తనల నుంచి ఒకటి, త్రిభుజ ధర్మాల నుంచి ఒకటి. మాత్రికల నుంచి ఇవి కాక నాలుగు మార్కులది ఒకటి, రెండు మార్కులవి రెండు కూడా వస్తాయి. అందుకే కాలేజీల్లో "మాత్రికలు ఒక్కటే ఇరవై రెండు" అన్న మాట వినిపిస్తుంది. అది నిజమే. మాత్రికలు పూర్తిగా వచ్చి, ప్రమేయాల్లోని రెండు మార్కుల ప్రశ్నలు రెండూ చేస్తే 26 చేతికొస్తుంది.

అయితే "ఆ చాప్టరు విలువ ఇంత" అన్న మాటనూ "ఆ చాప్టరు వదిలేస్తే పోయేది ఇంత" అన్న మాటనూ ఒకటిగా తీసుకోకూడదు. త్రిభుజ ధర్మాలు చూడండి. ఏడు మార్కులది ఒకటి, నాలుగు మార్కులది ఒకటి, పదకొండు మార్కుల సరుకు. కానీ బి, సి సెక్షన్లలో రెండేసి ప్రశ్నల ఛాయిస్ ఉంది. మిగతావన్నీ వచ్చినవాడు ఈ చాప్టరు తెరవకపోయినా పోయేది సున్నా. దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నది అతిపరావలయ ప్రమేయాల చాప్టరు. దాని నుంచి వచ్చేది రెండు మార్కుల ప్రశ్న ఒక్కటే అయినా సెక్షన్ ఎ లో ఛాయిస్ లేదు, వదిలితే ఆ రెండూ ఖాయంగా పోతాయి. పదకొండు మార్కుల చాప్టరు వదిలినవాడికి నష్టం లేదు, రెండు మార్కుల చాప్టరు వదిలినవాడికి ఉంది.

కానీ ఛాయిస్ ఒక్కసారే ఖర్చవుతుంది. త్రిభుజ ధర్మాలు వదిలి సెక్షన్ సి లో ఒక ఛాయిస్ వాడేశాక, గణితానుగమనం కూడా వదిలితే రెండోదీ అయిపోతుంది. ఆ పైన పరివర్తనల ప్రశ్న మొండికేస్తే పోయేది నేరుగా ఏడు మార్కులు. చాప్టర్లు వదిలేసే పిల్లలు సాధారణంగా ఇక్కడే మునుగుతారు. ఒక్కో చాప్టరు విడిగా చూసి "ఇది ఛాయిస్‌లో పోతుందిలే" అనుకుంటారు. అలా అనుకున్నవి మూడు పోగయ్యాయని హాల్లో కూర్చున్నాక తెలుస్తుంది. వదిలే చాప్టర్ల నుంచి ఏ సెక్షన్‌లో ఎన్ని ప్రశ్నలు పోతున్నాయో ఒక కాగితం మీద వేసుకుంటే, రెండు దాటిన ప్రతి ప్రశ్నా నిజమైన నష్టమని వెంటనే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఇంతవరకు ప్రశ్నంటే పూర్తిగా సరైనది లేదా పూర్తిగా తప్పు అన్నట్టే లెక్కేశాం. బోర్డు పరీక్షలో అలా దిద్దరు, స్టెప్ మార్కులు ఉంటాయి. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. పదకొండు రాసి 24 తెచ్చుకున్న పిల్లవాడు మాత్రికల పెద్ద ప్రశ్నలో సమీకరణాలను AX = B రూపంలో రాసి నిర్ధారకం కట్టి వదిలేసినా, దానికి రెండు మార్కులు వస్తే గట్టెక్కేవాడు. అదే సమయంలో, ఏడు మార్కుల ప్రశ్న "వచ్చు" అనుకున్నంత మాత్రాన ఏడూ రావు. ఎక్కడో గుర్తు తప్పుతుంది, ఒక స్టెప్పు ఎగిరిపోతుంది.

అందువల్ల అచ్చులో ఉన్న విలువకు బదులు తనకు వాస్తవంగా వస్తున్న విలువతో లెక్క వేసుకోవాలి. కాలేజీలో దిద్ది ఇచ్చిన పాత పేపర్లు ఉంటే చాలు. ఒక అమ్మాయి పేపర్లు తిరగేస్తే ఇలా తేలిందనుకుందాం: ఏడు మార్కుల ప్రశ్నకు సగటున 6 వస్తున్నాయి, నాలుగు మార్కుల దానికి 3, రెండు మార్కులవి పదిలో ఎనిమిది సరవుతున్నాయి. అన్నీ రాస్తే 30, 15, 16 కలిపి 61. లక్ష్యం 57, చేతిలో మిగిలింది నాలుగు. ఇంతకుముందు కాగితం మీద రెండు పెద్ద ప్రశ్నలు వదిలినా ఫరవాలేదన్నాం. ఈ అమ్మాయికి ఒక్కటి వదిలినా 55కి దిగిపోతుంది. ఆమె అయిదు పెద్దవీ రాసి తీరాలి. లేదా ఒకటి వదలక తప్పదనుకుంటే, రెండు మార్కులవి ఎనిమిది బదులు తొమ్మిది సరి చేసుకోవాలి: 24, 15, 18 కలిపి 57. ఒక పెద్ద ప్రశ్న కోసం కొత్త చాప్టరు మొదలుపెట్టడం కంటే రెండు మార్కుల్లో ఎక్కడ జారుతోందో వెతుక్కోవడమే ఆమెకు చవక. ఇంకో పిల్లవాడికి లెక్క తిరగబడొచ్చు, అందుకే పక్కవాడి ప్రణాళిక అరువు తెచ్చుకుంటే పని జరగదు.

సగటు సగటే, పరీక్ష రోజు అంతకు దిగువన కూడా పడొచ్చు. సరిగ్గా 57కి గురిపెట్టినవాడు సగం సందర్భాల్లో అయినా కిందే తేలతాడని అనుకోవడం మంచిది. మొదటే 62కో 63కో లెక్క వేసుకుంటే ఒక పెద్ద ప్రశ్న దాదాపు పోయినా తట్టుకుంటారు. తప్పు జవాబుకి మార్కు కోసే పరీక్షలైతే లెక్క ఇంకో రకం. అక్కడ తప్పుగా రాసిందీ రాయకుండా వదిలిందీ ఒకటి కావు, పైన చెప్పిన "పోయే మార్కుల" పద్ధతిలో ఆ రెంటినీ విడివిడిగా చూడాలి.

చాలాసార్లు కావలసిన శాతం ఒక్క పేపరుది కాదు, కొన్ని కలిపి. ఐఐటీ, ఎన్ఐటీ ప్రవేశాలకు అడిగే 75 శాతం గానీ, ఇంటర్ మెమోలో ఎ గ్రేడ్‌కి కావలసిన 750 గానీ అలాంటివే, ఒక పేపర్లో తగ్గింది ఇంకో దాంట్లో పూడ్చుకోవచ్చు. అయితే ఎంతవరకు? 1ఎ, 1బి రెండూ కలిపి 150, అందులో 75 శాతం 112.5, అంటే 113 కావాలనుకుందాం. 1ఎ రాసి వచ్చి, జవాబులు సరిచూసుకుని 50 వస్తాయని అంచనా వేసుకున్నవాడికి 1బి లో 63 కావాలి. అదీ ఇవే మూడు సెక్షన్ల పేపరు. పోగొట్టుకోగలిగింది 12. పెద్దది ఒక్కటి పోతే మిగిలేది అయిదు, అంటే చిన్నవాటిలో నాలుగు మార్కులకు మించి పోకూడదు. పెద్దవి రెండు పోతే కథ ముగిసింది. ఇతనికి "కష్టపడి చదువు" అని చెప్పేకంటే "అయిదు పెద్దవీ రాయి, చిన్నవాటిలో పన్నెండు దాకా పోయినా ఫరవాలేదు" అని చెబితే రేపటికి ఏం తిరగెయ్యాలో తెలుస్తుంది. అదే 1ఎ లో 38 అంచనా ఉన్నవాడికి 1బి లో 75కి 75 రావాలి. 37 అయితే కావలసింది 76, అన్ని మార్కులు ఆ పేపర్లోనే లేవు. అతను 1బి కి ముందు రాత్రి 75 శాతం మాట పక్కన పెట్టి, 60 శాతానికి, అంటే 150లో 90కి, ఎంత కావాలో చూసుకోవడమే మేలు. 53 అని తేలుతుంది, అది అందేదే.